దిగులా, రందా, మనాదా: నవలలో పాత్ర దుఃఖానికి ఏ మాట వాడాలి

హన్మకొండలో ఉంటూ కొత్తగా నవల రాసేవాళ్ల రాతప్రతులు చదివిపెడుతుంటాను. కథలు బలంగా ఉంటాయి, మనుషులు మన ఊళ్ల మనుషులే. పాత్రకు కష్టం వచ్చిన చోట మాత్రం చాలామంది ఒకే పని చేస్తారు. ముందు 'బాధపడింది' అని రాస్తారు. అదే మాట మళ్లీ పడుతోందని అనిపించి కింది పేరాలో 'విచారించింది' అంటారు. ఆ తర్వాత 'ఖిన్నురాలైంది', చివరికి 'విషాదంలో మునిగిపోయింది'. మాటలు మారాయి గానీ ఆ మనిషి లోపల ఏమీ మారలేదు. చదివేవాళ్లకు ఆమె మొదటి పేజీలో కూర్చున్న చోటే కూర్చుని ఉంటుంది.

కొంచెం ఆలోచించి ఎంచుకునేవాళ్లు కూడా సాధారణంగా తీవ్రతను చూస్తారు. కొద్దిగా బాధైతే దిగులు, ఎక్కువైతే దుఃఖం, భరించలేనిదైతే శోకం. ఈ కొలతతో సరైన మాట దొరకదు. తల్లి మీద బెంగతో అన్నం మానేసి జ్వరం తెచ్చుకున్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉంటారు, దాన్ని చిన్న బాధ అనలేం. అందుకే నేను ముందు వేరే ప్రశ్న అడుగుతాను. ఈ పాత్ర పోగొట్టుకున్నది తిరిగి వస్తుందన్న ఆశ ఇంకా ఉందా, లేదా?

ఈ ప్రశ్న నేను కొత్తగా కనిపెట్టింది కాదు. భరతుడి నాట్యశాస్త్రం కరుణరసాన్నీ విరహాన్నీ ఇక్కడే విడదీసింది. రెండింటిలోనూ ఏడుపు ఉంటుంది, నిద్ర ఉండదు, ఒళ్లు చిక్కిపోతుంది. పైకి చూస్తే తేడా తెలియదు. కానీ విరహంలో ఉన్నవాళ్లకు ఎదురుచూపు ఉంటుంది, కరుణలో ఉన్నవాళ్లకు ఎదురుచూడటానికి ఏమీ మిగలదు. మన తెలుగు మాటల్ని ఈ గీత మీద పెట్టి చూస్తే బెంగ, రంది, దిగులు, గుబులు ఒక పక్కకు వస్తాయి. దుఃఖం, శోకం, మనాది ఇంకో పక్కకు పోతాయి. గీత దాటిన క్షణం మీ నవలలో ఏ పేజీలో వస్తుందో మీకు తెలిస్తే సగం పని అయినట్టే.

ఒక పాత్రను తీసుకుని చూద్దాం. కోరుట్ల దగ్గర ఒక ఊరు. రాజవ్వకు యాభై దాటాయి, బీడీలు చేస్తుంది. మొగడు గంగారాంకు రెండెకరాలు ఉంది. కొడుకు రమేశ్ అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి దుబాయ్ పోతాడు. కొన్ని నెలలకు పని చేసే చోట ప్రమాదంలో చనిపోతాడు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఇలాంటి ఇల్లు లేని ఊరు వెతకాలి, అందుకే ఈ కథ ఎంచుకున్నాను. రాజవ్వ దుఃఖం ఒకటే అనుకుంటాం గానీ అందులో నాలుగైదు వేరువేరు స్థితులున్నాయి, ఒక్కోదానికి మాట వేరు.

పోకముందు, పోయినాక

రమేశ్ ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. వీసా వస్తుందో రాదో, అప్పు మీద మిత్తి ఎంతవుతుందో అని రాజవ్వకు నిద్ర పట్టదు. దీనికి మాట రంది. రంది ముందుకు చూస్తుంది. దానికి కారణం ఒక్క ముక్కలో చెప్పేలా ఉంటుంది: అప్పు, బిడ్డ పెండ్లి, వాన. ఆ కారణం తీరితే రంది కూడా తీరుతుంది. అందుకే పక్కింటావిడ 'రంది వెట్టుకోకు అక్కా, అన్ని మంచిగైతయ్' అనగలుగుతుంది. మనిషిని సముదాయించగలిగే బాధ ఇది. కొడుకు చచ్చిపోయిన తల్లితో ఎవరైనా రంది పెట్టుకోకు అన్నారంటే, ఆ మాట అన్నవాళ్లకు మనసు లేదని చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. మీకు అలాంటి పాత్ర కావాలంటే ఆ మాటే అనిపించండి.

దిగులు దీనికి దగ్గరిదే గానీ కారణం లేకుండా కూడా రాగలదు. 'ఎందుకో దిగులుగా ఉంది' అనేది సహజమైన వాక్యం. అదే చోట రంది పెట్టి చూడండి, కుదరదు. దిగులుకు పొద్దుతో సంబంధం ఉంది, పొద్దుగూకే వేళ వస్తుంది, ఇంట్లో మనుషులు తగ్గినప్పుడు వస్తుంది. రమేశ్ విమానం ఎక్కిన మర్నాటి సాయంత్రం రాజవ్వకు వచ్చేది దిగులు. కారణం అడిగితే ఆమె చెప్పలేదు, వాడు మంచిగనే చేరిండని ఫోన్ కూడా వచ్చింది.

వారం తిరిగేసరికి ఆ దిగులు బెంగ అవుతుంది. బెంగకు ఎవరో ఒకరు కావాలి. తెలుగులో బెంగ పక్కన తరచుగా 'మీద' అనే ముక్క వస్తుంది: అమ్మ మీద బెంగ, ఇంటి మీద బెంగ. ఇది చిన్నపిల్లలకు, కొత్తగా అత్తారింటికి పోయిన ఆడపిల్లకు, తల్లిని విడిచిన లేగదూడకు వాడే మాట. దాంతో ఆ మాటలో ఒక నిస్సహాయత ఎప్పుడూ ఉంటుంది. దుబాయ్‌లో క్యాంపు గదిలో పది మందితో పడుకున్న రమేశ్‌కు ఇంటి మీద బెంగ అని రాస్తే, ఇరవై ఆరేళ్ల మనిషిలో పిల్లవాడు కనిపిస్తాడు. గంగారాం మాత్రం తనకు బెంగ అని ఎన్నడూ ఒప్పుకోడు, అడిగితే అప్పు రంది అంటాడు. కథ చెప్పేవాళ్లు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, 'గంగారాం కూడా బెంగ పెట్టుకున్నాడు' అని రాస్తే, అతను దాచుకున్నది మొత్తం బయటపడుతుంది. మాటను ఇలా దాచిపెట్టుకుని వాడాలి. రెండో అధ్యాయంలోనే తండ్రికి తల్లికి కలిపి బెంగ అని రాసేస్తే ఈ అవకాశం పోతుంది.

తరువాత రెండు రోజులు ఫోన్ రాదు. అప్పుడు గుబులు. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, గుండెలో మొదలయ్యే మాట అది, గంటల్లో పెరుగుతుంది, వారాలు నిలవదు. మన దగ్గర బుగులు అనే మాట కూడా ఉంది గానీ అది భయం. చీకటంటే బుగులు, పోలీసోళ్లంటే బుగులు. కొందరు రెండూ ఒకటేననుకుని కలిపేస్తారు.

కబురు వచ్చినాక

కబురు వచ్చింది. ఇక ఆశ లేదు. ఇప్పుడు దుఃఖం రాయాలా, శోకం రాయాలా?

దుఃఖాన్ని దాని పక్కన వచ్చే క్రియలతో గుర్తుపట్టండి. దుఃఖం పొంగుకొస్తుంది, ఉబికి వస్తుంది, ముంచుకొస్తుంది, ఆపుకుంటారు, దిగమింగుతారు. అన్నీ నీళ్ల క్రియలు. గొంతు దగ్గర జరిగే పని అది. దుఃఖం ఒక స్థితి కంటే ఎక్కువగా ఒక ఘడియ, వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. 'నెల రోజులుగా దుఃఖంలో ఉంది' అనే వాక్యం తప్పు కాదు గానీ చప్పగా ఉండేది అందుకే. 'అన్నం కలుపుతుంటే దుఃఖం వచ్చింది' అంటే మనిషి కళ్ల ముందు ఉంటుంది. బెంగను దిగమింగినట్టు, రంది పొంగుకొచ్చినట్టు ఎవరూ అనరు. ఒక మాట సరిపోయిందో లేదో తెలియకపోతే దానికి సహజంగా వచ్చే క్రియ పెట్టి చూడండి. క్రియ కుదరకపోతే ఆ సందర్భానికి ఆ మాట కాదు.

శోకం విషయంలో మన ప్రాంతం రచయితలకు ఒక సౌకర్యం ఉంది, చాలామంది దాన్ని వాడుకోరు. పుస్తకాల్లో శోకం బరువైన సంస్కృత మాట. పేపర్లో 'తీరని శోకం' అని చదివి చదివి దాని బరువు కూడా పోయింది. కానీ మన పల్లెల్లో శోకం అంటే చెవికి వినపడేది. చావు ఇంట్లో ఆడవాళ్లు శోకం పెట్టి ఏడుస్తారు. పోయినవాణ్ని పిలుస్తూ, వాడు చేసిన పనులు, తినకుండా పోయిన తిండి, చూడకుండా పోయిన పెండ్లి, అన్నీ రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. వచ్చిన ప్రతి చుట్టం గడపలో అడుగు పెట్టగానే అది మళ్లీ ఎత్తుకుంటుంది. అందుకని 'రాజవ్వ శోకంలో మునిగింది' అని రాయకండి. 'రాజవ్వ శోకం ఎత్తుకుంది' అని రాసి, ఆమె ఏమన్నదో ఒక ముక్క వినిపించండి. దుఃఖం ఒక్కరిది, గొంతులో ఉంటుంది. శోకం వాడకట్టు మొత్తం పంచుకునేది.

ఈ రెండింటికీ మధ్య ఇంకో స్థితి ఉంది, ఈ కథలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది అదే. గల్ఫ్‌లో పోయినవాళ్ల శవం వెంటనే రాదు. అక్కడి పోలీసుల కాగితాలు, మరణ ధృవీకరణ, రాయబార కార్యాలయం అనుమతి అన్నీ కావాలి. రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. చనిపోయాడని తెలుసు, మొఖం చూడలేదు. పిట్టకు పెట్టేది లేదు, దినాలు లెక్కపెట్టేది లేదు. ఆశ లేదు గానీ ముగింపు కూడా లేదు. ఇక్కడ దుఃఖం, శోకం, విషాదం ఏది రాసినా అబద్ధంగా ఉంటుంది. మన దగ్గర తండ్లాట అనే మాట ఉంది, ఎటూ తోచక కొట్టుకులాడటం, అది కొంతవరకు పనికొస్తుంది. నా సలహా అడిగితే ఇక్కడ నామవాచకమే వద్దంటాను. ఆమె చేతులు ఏం చేస్తున్నాయో రాయండి.

ఇంటాయన సంగతి

విషాదం అనే మాటను మనం పాడుచేసుకున్నాం. 'గ్రామంలో విషాదఛాయలు అలుముకున్నాయి' అని రోజూ చదవడం వల్ల విషాదమంటే చావు అనే అర్థం స్థిరపడింది. నాట్యశాస్త్రంలో విషాదం చావుకు సంబంధించింది కాదు, తలపెట్టిన పని నెరవేరకపోవడం వల్ల, దైవం ఎదురు తిరగడం వల్ల వచ్చేది. భగవద్గీత మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. అప్పటికి యుద్ధం మొదలు కాలేదు, ఆ యుద్ధరంగంలో ఎవరూ చావలేదు. చెయ్యవలసిన పని ముందుండి చెయ్యి ఆడని స్థితి అది.

ఆ అర్థంలో ఈ మాట రాజవ్వకు కాదు, గంగారాంకు సరిపోతుంది. కాగితాలు సంచిలో పెట్టుకుని ఏజెంటు దగ్గరికి, ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి అతను. పని ముందుకు కదలదు. కొడుకు శవాన్ని కూడా ఇంటికి తెచ్చుకోలేకపోతున్నానని బస్టాండులో కూర్చుండిపోతాడు. అక్కడ కథ చెప్పేవాళ్లు విషాదం అంటే అది నిలుస్తుంది, ఎందుకంటే అతను తలపెట్టిన పని మధ్యలో ఆగిపోయింది. దినాలు అయిపోయాక, వాన పడ్డా గంగారాం విత్తనం కొనడు. పక్క చేనాయన అడిగితే 'ఇగ ఎవలికోసం తియ్' అంటాడు. ఇది విషాదం కూడా కాదు, నిర్వేదం. పని కాలేదన్న బాధ పోయి, పని మీదే ఆశ చచ్చిపోవడం. గంగారాం నోట ఈ మాటలు రెండూ రావు, అవి కథ చెప్పేవాళ్ల మాటలు. అతని నోట్లో ఆ ఒక్క ముక్కే చాలు.

రెండు క్రియలు కూడా ఇక్కడ వేరు చేసుకోవాలి. కుములు అంటే మంట పైకి లేవకుండా లోపల కాలడం, కుంగు అంటే కిందికి దిగిపోవడం. గంగారాం కుంగిపోయాడు: నడుము వంగింది, మాట తగ్గింది, చూసినవాళ్లందరికీ తెలుస్తుంది. రాజవ్వ కుమిలిపోతోంది: పొద్దున లేస్తుంది, వాకిలి ఊడుస్తుంది, లెక్క ప్రకారం బీడీలు ఇస్తుంది, ఎవరికీ తెలియదు. ఒకే పాత్రకు ఒకే పేరాలో ఈ రెండూ రాసిన ప్రతులు చూశాను. రెండూ ఒకేసారి జరగడం కష్టం.

ఏడాది తిరిగింది. రాజవ్వ బాగానే ఉన్నట్టుంది గానీ తిండి సగమైంది, పలకరిస్తే ఆలస్యంగా పలుకుతుంది. దీనికి మనాది అనే మాట కంటే మంచిది నాకు తెలియదు. కోస్తా పాఠకులకు దగ్గరి మాట మనోవ్యథ. కానీ మనోవ్యథ మనసులో ఆగుతుంది, మనాది ఒంట్లోకి దిగి మనిషిని తినేస్తుంది. 'మనాదితోటే పోయింది' అంటారు మన దగ్గర, రోగం పేరు చెప్పినట్టే. అందువల్ల ఈ మాట తొందరపడి వాడకూడదు. నెల తిరగకముందే మనాది అంటే పాఠకుడు నమ్మడు, పైగా అది వాడిన తర్వాత ఆ పాత్ర ఆరోగ్యం గురించి కథ ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది.

ఎవరి నోట ఏ మాట

కథ చెప్పే గొంతు శిష్ట వ్యావహారికంలో ఉండి, మాటలు మాత్రం యాసలో ఉంటే, రంది, మనాది కథనంలోకి తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. రాజవ్వ కళ్లతో చూస్తున్న అధ్యాయమైతే తీసుకోండి, కొటేషన్లు పెట్టకుండా, బ్రాకెట్లో అర్థం రాయకుండా. పక్క వాక్యం అర్థం చెప్పేస్తుంది. ఒక పేజీలో రంది, తరువాతి పేజీలో అదే అర్థంలో దిగులు అని మాత్రం మార్చకండి. అప్పుడు కథ చెప్పేది ఎవరో తెలియకుండా పోతుంది.

విచారం, సంతాపం బయటివాళ్ల మాటలు. మండలాఫీసు నుంచి వచ్చిన మనిషి విచారం వ్యక్తం చేస్తాడు. రిపోర్టరు రోదనలు మిన్నంటాయని రాస్తాడు. వాళ్ల పాత్రలకు అవి కావాలి కూడా, ఆ ఇంటికీ వాళ్లకూ ఉన్న దూరం అక్కడ తెలుస్తుంది. కడుపుకోత కూడా ఇరుగుపొరుగు తల్లి గురించి అనే మాట, రాజవ్వ తన గురించి తాను అరుదుగా అంటుంది. గోస వేరు. అది మనసు స్థితి కాదు, పడ్డ కష్టం. 'మా గోస ఎవలకు చెప్పుకోవాలె' అన్నప్పుడు ఆ వాక్యం ఎవరి మీదో నేరం మోపుతోంది. ఏజెంటును నిలదీసే సన్నివేశంలో రాజవ్వకు కావలసింది అదే.

కరీంనగర్‌లో డిగ్రీ చదివే రమేశ్ చెల్లెలు వీటిలో ఏదీ వాడకపోవచ్చు. ఆమె స్నేహితురాలితో 'అవ్వ మస్తు ఫీలైతుందే, డిప్రెషన్‌లకు పోతదేమోనని టెన్షన్ అయితుంది' అంటుంది. దాన్ని దిద్దకండి. తల్లి బాధకు ఆ పిల్ల దగ్గర ఉన్న మాటలు అవే.

ఇప్పుడు ఒక ముక్క రెండు రకాలుగా. మొదటిది రాతప్రతుల్లో తరచుగా కనిపించే తరహా:

'కొడుకు మరణవార్త విన్న రాజవ్వ తీవ్ర విషాదంలో మునిగిపోయింది. ఆమె గుండె దుఃఖంతో బద్దలైంది. శవం కోసం ఎదురుచూస్తూ శోకంతో విచారంగా కూర్చుంది.'

రెండోది:

'పెట్టె ఇంకా రాలేదు. రాజవ్వ చాట ఒళ్లో పెట్టుకుంది. తునికాకు కత్తిరించింది, తంబాకు పోసింది, చుట్టింది, దారం కట్టడం మరిచింది. చుట్టింది చుట్టినట్టే చాటలో విచ్చుకుపోయింది. ఇంకోటి చుట్టింది. "ఇడిశిపెట్టు అక్కా" అని లచ్చవ్వ చాట తీసుకోబోతే ఇవ్వలేదు. "రేపు లెక్క ఇయ్యాలె" అన్నది. మూడో రోజు రాత్రి అంబులెన్సు వాడకట్టులోకి మళ్లింది. లైటు గోడ మీద పడంగానే రాజవ్వ చాట పక్కన పెట్టి లేచింది. దుఃఖం అప్పుడు వచ్చింది. "నేను కట్టిచ్చిన తొక్కు డబ్బ తెరువకనే పోతివా కొడుకా" అని ఎత్తుకుంటే, అరుగు మీద ఉన్న ఆడవాళ్లందరూ శోకంలో కలిశారు.'

మొదటి దాంట్లో మూడు వాక్యాలకు నాలుగు మాటలు పడ్డాయి, వాటిలో విచారం రాజవ్వదే కాదు. రెండో దాంట్లో ఎదురుచూపు ఉన్నంతసేపూ దుఃఖానికి ఒక్క పేరూ పెట్టలేదు, విచ్చుకుపోయిన బీడీయే ఆ పని చేసింది. శవం వచ్చాకే దుఃఖం, అది నలుగురిలో కలిశాక శోకం. 'దుఃఖం అప్పుడు వచ్చింది' అన్న వాక్యం కూడా తీసేయొచ్చు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. నేను ఉంచమంటాను. అన్ని రోజులూ అది రాలేదని చదివేవాళ్లకు చెప్పే వాక్యం అక్కడ అదొక్కటే.

మీ ప్రతి పూర్తయ్యాక ఫైల్లో 'బాధ', 'విషాద' అని వెతకండి. దొరికిన ప్రతి చోటా ముందు ఆ మాట తీసేసి చదవండి. సన్నివేశం నిలబడితే అలాగే వదిలేయండి. నిలబడకపోతే ఆశ ఉందా లేదా, ఈ మాట ఎవరిది, దీని పక్కన ఏ క్రియ వస్తుంది అని చూసి అప్పుడు మాట పెట్టండి. చాలా చోట్ల మాట తీసేస్తేనే బాగుందని మీకే తేలుతుంది. మిగిలిన కొన్ని చోట్ల మాత్రం రంది, మనాది, శోకం తప్ప ఇంకోటి పనికిరాదు.